సంక్రాంతికి ఎంత, ఆషాఢానికి ఎంత: అరకులో ఒక అద్దె ఇంటి ధరల లెక్క

2025లో అక్టోబరు 20న దీపావళి వచ్చింది. 2026లో అదే అక్టోబరు 20న విజయదశమి. 2026లో జ్యేష్ఠం అధిక మాసం కావడంతో, ఆ తరువాత వచ్చే చాంద్రమాన పండుగలన్నీ ముందటి ఏడాది తేదీలకంటే రెండు మూడు వారాలు ఆలస్యంగా పడ్డాయి. పర్యాటకులకు ఇల్లు అద్దెకిచ్చే యజమానికి ఈ రెండు అక్టోబరు 20లు పూర్తిగా వేరు రోజులు. దీపావళి రాత్రి జనం సొంత ఇంటి గుమ్మం ముందు దీపాలు పెట్టుకుంటారు. కొండ ఎక్కి అద్దె ఇంట్లో పడుకునేవారు తక్కువ. దసరా సెలవులలో మాత్రం పిల్లలున్న ప్రతి కుటుంబమూ ఎటో ఒకవైపు కదలాలని చూస్తుంది. కిందటి ఏడాది ధరల పట్టికను తేదీలు మార్చకుండా ఈ ఏడాదికి దించుకున్న యజమాని, గిరాకీ ఉన్న రోజు ధర తక్కువ పెట్టి, గిరాకీ లేని రోజు ఎక్కువ పెట్టి కూర్చుంటాడు.

ఈ పొరపాటు తేదీలతోనే ఆగదు. సీజన్, పండుగ, అన్‌సీజన్ అని ఏడాదిని మూడు ముక్కలు చేసి, ముక్కకొక ధర, ముక్కకొక కనీస బస నియమం పెట్టడం చాలామందికి అలవాటు. నిజానికి ధర ఒక్కొక్క రాత్రికి ఉంటుంది. కనీసం రెండు రాత్రులు ఉండాలి, మూడు రాత్రులు ఉండాలి అనే నియమం కూడా ఒక రకమైన ధరే. అయితే దాని ఖరీదు ఆ రాత్రి మీద కాకుండా పక్క రాత్రి మీద పడుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఏ సీజన్ లెక్కా కుదరదు. అరకు లోయలోని ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుని ఈ ముడిని విప్పి చూద్దాం.

రెండు పడకగదులు, వరండా, ఆరుగురు పట్టే ఇల్లు అది. ఇల్లు మొత్తం ఒకే బృందానికి ఇస్తారు. అరకు ఐదవ షెడ్యూలు ప్రాంతం కనుక, 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు. అందువల్ల మన ఉదాహరణలోని యజమానిని అక్కడి గిరిజన కుటుంబంగానే ఊహించుకోవాలి. కింద వచ్చే అంకెలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఎవరి ఇంటి ఖర్చులు వారు రాసుకుంటే అంకెలు మారతాయి, లెక్క నడిచే తీరు మారదు.

ముందు తెలియవలసింది అడుగు ధర: ఇంతకంటే దిగితే నష్టం

ఒక బృందం వెళ్లిపోయాక ఇల్లు కడిగించడం, ఆరుగురి దుప్పట్లు, తువ్వాళ్లు ఉతికించడం, వంటగది సర్దడం వంటి పనులకు వెయ్యి రూపాయలు అవుతుందనుకుందాం. ఈ ఖర్చు అతిథులు ఒక రాత్రి ఉన్నా నాలుగు రాత్రులు ఉన్నా ఒక్కసారే పడుతుంది. కరెంటు, వేడినీళ్లు, గ్యాసు, చిల్లర సామాను కలిపి రాత్రికి మరో 400 రూపాయలు. బుకింగ్ తెచ్చిపెట్టే సంస్థకు కమీషన్ నూటికి 15 అనుకుందాం.

ఇప్పుడు ఒక రాత్రి మాత్రమే ఉండే అతిథి మీద యజమానికి అయ్యే ఖర్చు 1,400. కమీషన్ పోగా అది చేతికి రావాలంటే ధర దాదాపు 1,650 ఉండాలి. రెండు రాత్రులు ఉండే అతిథి విషయంలో వెయ్యి రూపాయల శుభ్రత ఖర్చు రెండు రాత్రుల మీద పంచుకుపోతుంది కనుక, రాత్రికి 1,060 వచ్చినా నష్టం లేదు. నాలుగు రాత్రులైతే 765 దగ్గరే ఖర్చు తీరిపోతుంది. అంటే ఈ ఇంటికి అడుగు ధర ఒకటి కాదు. అతిథి ఎన్ని రాత్రులు ఉంటాడన్నదాన్ని బట్టి అది సగానికి పైగా దిగుతుంది. అప్పు మీద వడ్డీ, ఇంటి మరమ్మతులు, పన్ను వంటివి ఇందులో కలపకూడదు. ఇల్లు ఖాళీగా ఉన్నా అవి తప్పవు కనుక, ఈ రాత్రి ఈ అతిథిని రానివ్వాలా వద్దా అనే ప్రశ్నకు వాటితో సంబంధం లేదు. ఏడాది మొత్తం మీద అవి రావలసిందే, కానీ అవి రాబట్టుకోవలసింది డిసెంబరు శనివారాల నుంచి, జులై మంగళవారాల నుంచి కాదు.

అన్‌సీజన్‌లో నష్టం ఎక్కడ దాగి ఉంటుంది

అరకులో జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన. జలపాతాలు నిండుగా దూకే కాలం అదే, కానీ గిరాకీ పలచబడుతుంది. బడులు తెరుస్తారు, ఘాట్ రోడ్డు మీద పొగమంచు, కొత్తవలస-కిరండూల్ రైలు మార్గంలో అప్పుడప్పుడు కొండచరియలు విరిగిపడడం, దానికి తోడు ఆషాఢంలో పెళ్లిళ్లు లేకపోవడం, కొత్త దంపతుల ప్రయాణాలు ఆగిపోవడం. ఖాళీ ఇంటిని చూసి యజమాని చేసే మొదటి పని, ధర 1,500కు దించి ఒక రాత్రికైనా సరే అనడం.

ఆ ధరకు ఒక మంగళవారం రాత్రి ఒక బృందం వచ్చిందనుకోండి. కమీషన్ పోగా చేతికి వచ్చేది 1,275. ఖర్చు 1,400. ఇల్లు నిండిందన్న తృప్తితో యజమాని 125 రూపాయలు ఎదురు పెట్టుకున్నాడు. ఇదే ధరకు ఆ బృందం రెండు రాత్రులు ఉంటే 750 మిగిలేది. కనుక తప్పు 1,500 అనే ధరలో లేదు, ఆ ధరను ఒక రాత్రికి కూడా ఇవ్వడంలో ఉంది.

దీనికి కనీసం రెండు రాత్రులు అనే నియమం పెట్టవచ్చు. కానీ వానాకాలం మధ్యలో అరకు వచ్చేవారిలో చాలామంది విశాఖ నుంచి ఒక రాత్రి కోసం వచ్చేవారే. పొద్దున కిరండూల్ రైలులో అద్దాల పెట్టె ఎక్కి వచ్చి, ఒక రాత్రి ఉండి, మరునాడు బొర్రా గుహలు చూసుకుని రోడ్డు మీదుగా దిగిపోతారు. నియమం పెడితే వీరంతా పోతారు. అంతకంటే మేలైన మార్గం ధరను రాత్రికి 2,200 దగ్గర నిలిపి, ఎక్కువ రాత్రులు ఉండేవారికి తగ్గింపు ఇవ్వడం. ఒక రాత్రి అతిథి మీద 470 మిగులుతుంది. రెండు రాత్రులకు నూటికి 15 తగ్గించినా 1,379 మిగులుతుంది. వారానికి నూటికి 35 తగ్గించి, ఇంటి నుంచే పని చేసుకునే హైదరాబాదు ఉద్యోగికి ఇస్తే, రాత్రికి 1,430 మాత్రమే పడినా వారం మొత్తం మీద 4,700 చేతిలో ఉంటుంది. రాత్రి ధర చూస్తే ఇది నష్టాల బేరంలా కనిపిస్తుంది. ఏడు రాత్రులకు ఒకే ఒక్కసారి దుప్పట్లు ఉతికించారన్న సంగతి ఆ ధరలో కనిపించదు.

ఇక అన్‌సీజన్‌లో కూడా కొన్ని రాత్రులు అన్‌సీజన్ కావు. అయితే అవి ఏవో తేదీ చెప్పదు, వారం చెబుతుంది. 2025లో ఆగస్టు 15 శుక్రవారం వచ్చింది. శని, ఆదివారాలు కలిసి మూడు రోజుల సెలవు అయింది. 2026లో అదే తేదీ శనివారం పడింది కనుక ఉద్యోగులకు అదనంగా కలిసివచ్చిన సెలవు లేదు. మొదటిదానికి డిసెంబరు ధర పెట్టవచ్చు. రెండోదానికి మామూలు వానాకాలపు శనివారం ధర కంటే కాస్త ఎక్కువ పెడితే చాలు.

చలికాలపు శనివారం: నియమం ఎప్పుడు గిట్టుబాటు అవుతుంది

నవంబరు నుంచి జనవరి దాకా అరకుకు అసలు సీజన్. వలిసె పూల పసుపు ఉండగానే చలి మొదలవుతుంది. మంచు చూడడానికి లంబసింగి వెళ్లేవారు కూడా ఇక్కడ ఒక రాత్రి ఆగుతారు. ఈ నెలల్లో మన ఇంటి ధర శుక్రవారం 4,500, శనివారం 6,000 అనుకుందాం. శనివారం ఎలాగూ నిండుతుంది. దాని పక్కనున్న శుక్రవారమే చిక్కు.

నియమం లేకపోతే, శనివారం ఒక్క రాత్రి కావాలనేవాడు నెల ముందే వచ్చి పట్టుకుపోతాడు. కమీషన్, ఖర్చులు పోగా యజమానికి మిగిలేది 3,700. ఆ తరువాత శుక్రవారం ఒంటరిగా మిగిలిపోతుంది. శుక్రవారం ఒక్క రాత్రి వచ్చి శనివారం పొద్దున ఖాళీ చేసి వెళ్లిపోయేవారు అరుదు. పది వారాల్లో మూడు వారాలు అలాంటివారు దొరికారనుకుంటే, వారి వల్ల మిగిలే 2,425ను సగటున పంచితే వారానికి 730 పడుతుంది. కలిపి చూస్తే నియమం లేని వారాంతం విలువ 4,430.

ఇప్పుడు శనివారంతో కూడిన ఏ బుకింగ్ అయినా కనీసం రెండు రాత్రులు ఉండాలని పెట్టారనుకుందాం. శుక్ర, శని రెండూ ఒకే బృందం తీసుకుంటే 10,500 వస్తుంది; కమీషన్, రెండు రాత్రుల ఖర్చు, ఒక్కసారి శుభ్రత పోగా 7,125 మిగులుతుంది. అలాంటి బృందం రాకపోతే ప్రయాణానికి పది రోజుల ముందు నియమం ఎత్తివేసి శనివారాన్ని ఒక్క రాత్రికి ఇస్తారు. ఆ ఆఖరి పది రోజుల్లో పదింట ఎనిమిది సార్లు అది అమ్ముడవుతుందనుకుంటే సగటున 2,960 మిగులుతుంది. ఈ రెండు ఫలితాలను 4,430తో పోల్చి చూస్తే, రెండు రాత్రుల బృందం నూటికి 35 వారాంతాల్లో దొరికితే చాలు, నియమం తన ఖర్చు తాను తీర్చుకుంటుంది. అంటే మూడు వారాంతాల్లో ఒకదానికంటే కాస్త ఎక్కువ. డిసెంబరులో అది సులువుగా దాటుతుంది. ఫిబ్రవరి రెండో సగం నుంచి, ఇంటర్, పదో తరగతి పరీక్షల గాలి వీచాక, దాటదు. అప్పుడు అదే నియమం శనివారాలను ఖాళీగా ఉంచుతుంది.

ఈ లెక్కలో కీలకం ఆ పది రోజుల గడువు. నియమం పెట్టి దానిని ఎత్తివేయడం మరచిపోతే, రెండు రాత్రుల బృందం రాని ప్రతి వారాంతంలో శనివారం కూడా పోతుంది. అప్పుడు నియమం గిట్టాలంటే నూటికి 62 వారాంతాల్లో రెండు రాత్రుల బృందాలు రావాలి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. క్యాలెండరులో నియమాన్ని పెట్టడం ఒకసారి చేసే పని కనుక గుర్తుంటుంది. తీసివేయడం వారం వారం చేయవలసిన పని కనుక జారిపోతుంది. బుకింగ్ సైటులో ఆ గడువు రాగానే నియమాన్ని దానంతట అదే సడలించే సదుపాయం ఉంటే వాడుకోవాలి, లేకపోతే ప్రతి బుధవారం సాయంత్రం వచ్చే రెండు వారాంతాలను ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

మరి మూడు రాత్రుల నియమం సంగతి? అరకులో అది దాదాపు ఎప్పుడూ తప్పేనని నా అభిప్రాయం. కారణం ఇంట్లో లేదు, దారిలో ఉంది. పూజ సెలవులలో బెంగాల్ నుంచి వచ్చే కుటుంబాలు విశాఖలో మూడు నాలుగు రాత్రులు ఉండి, మధ్యలో అరకుకు ఒకటి రెండు రాత్రులు కేటాయిస్తాయి. హైదరాబాదు నుంచి వచ్చేవారిదీ ఇంచుమించు అదే తీరు. అరకు చాలామందికి పెద్ద ప్రయాణంలో ఒక మజిలీ. మజిలీకి మూడు రాత్రుల నియమం పెడితే, ఎక్కువ రాత్రులు ఉండమని అడిగినట్టు కాదు, ముందుకు సాగిపొమ్మని చెప్పినట్టు. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున ఇదే ఇల్లు ఉంటే లెక్క వేరు.

సంక్రాంతి: పండుగ ఒక ముద్ద కాదు

2026 జనవరిలో 14 బుధవారం భోగి, 15 సంక్రాంతి, 16 శుక్రవారం కనుమ. ఆ వెంటనే శని, ఆదివారాలు. వరుసగా ఐదు రాత్రులు. చాలామంది యజమానులకు ఇది బంగారం లాంటి వరుసగా కనిపిస్తుంది. మన యజమాని కూడా ఐదు రాత్రులకూ రాత్రికి 7,000, కనీసం మూడు రాత్రులు అని పెట్టాడనుకుందాం.

మొదటి చిక్కు ధరలో ఉంది. సంక్రాంతికి తెలుగువాళ్లు కదిలేది ఊళ్లకు, కొండలకు కాదు. భోగి రాత్రి, సంక్రాంతి రాత్రి ఎవరైనా అద్దె ఇంట్లో ఉన్నారంటే వారు పండుగ చేసుకోనివారో, ఊళ్లో ఎవరూ లేనివారో అయి ఉండాలి. ఇక కనుమ నాడు కాకి కూడా కదలదని మన సామెత. ఈ తరం ఆ మాటను పూర్తిగా పాటించకపోయినా, పెద్దవాళ్లున్న ఇళ్లలో ఆ రోజు ప్రయాణం పెట్టుకోరు. విశాఖ కుర్రకారు కనుమ మధ్యాహ్నానికి బయలుదేరుతుంది. కుటుంబాలు మరునాడు, ముక్కనుమ నాడు, కార్లలో ఎక్కుతాయి. హైదరాబాదు నుంచి ఊరు వచ్చినవారు ఆదివారం రాత్రికి తిరుగు రైలులో ఉండాలి. కనుక ఐదు రాత్రులలో అసలైన గిరాకీ శనివారానిది, ఆ తరువాత శుక్రవారానిది, కొంత ఆదివారానిది. భోగి, సంక్రాంతి రాత్రులు చలికాలపు మామూలు రోజులే.

రెండో చిక్కు నియమంలో ఉంది. ఐదు రాత్రుల వరుసలో మూడు రాత్రుల బృందం ఎక్కడ కూర్చున్నా రెండు రాత్రులు మిగులుతాయి, ఆ రెండింటినీ మూడు రాత్రుల నియమమే అమ్ముడు కానివ్వదు. 14న దిగినవారికి ఇస్తే శని, ఆది మిగులుతాయి. అన్నిటికంటే ఖరీదైన రాత్రిని చవక రాత్రులకు బలి ఇచ్చినట్టు. 15న దిగినవారికి ఇస్తే ముందు ఒకటి, వెనుక ఒకటి విడివిడిగా మిగులుతాయి. ఆదివారాన్ని సోమ, మంగళవారాలతో కలిపి తీసుకునేవారు ఆ వారంలో దొరకడం కష్టం.

ఎవరూ బుక్ చేయకుండా జనవరి 12 వచ్చేసరికి యజమానికి గాభరా పుడుతుంది. ధర 4,500కు దించి, ఒక రాత్రికైనా ఇస్తానంటాడు. శుక్రవారం ఒకరు, శనివారం మరొకరు వస్తారు. రెండు బుకింగ్‌ల మీద 9,000 వచ్చి, కమీషన్, రెండుసార్లు శుభ్రత పోగా 4,850 మిగులుతుంది. ఏడాదిలో అతి మంచి వారాంతాలలో ఒకదాని మీద అతనికి మిగిలింది, మామూలు డిసెంబరు వారాంతంలో శుక్ర, శని రాత్రులు ఒకే బృందానికి ఇస్తే మిగిలే 7,125 కంటే తక్కువ.

దీనినే మరోలా పెట్టవచ్చు. భోగి రాత్రి 3,000, సంక్రాంతి రాత్రి 3,500, కనుమ రాత్రి 5,500, శనివారం 7,500, ఆదివారం 4,000. నియమం వరుస మొత్తానికి కాదు, శనివారానికి మాత్రమే: శనివారం రాత్రి కలిసిన ఏ బసైనా కనీసం రెండు రాత్రులు ఉండాలి. అది శుక్ర-శని కావచ్చు, శని-ఆది కావచ్చు. బుధ, గురువారాలు ఒక్కొక్క రాత్రికి తెరిచి ఉంటాయి. శుక్ర-శని జంట అమ్ముడైతే 13,000 మీద 9,250 మిగులుతుంది. బుధ, గురు, ఆదివారాలలో ఏది అమ్ముడైనా అది పైసొమ్ము.

ఇక్కడ ఒక సాంకేతికమైన మెలిక ఉంది. కనీస బసను సైటులు రెండు రకాలుగా అర్థం చేసుకుంటాయి. ఒక పద్ధతిలో నియమం అతిథి దిగే రోజుకు వర్తిస్తుంది. మరో పద్ధతిలో ఆ రాత్రి మీదుగా సాగే ప్రతి బసకూ వర్తిస్తుంది. దిగే రోజు పద్ధతిలో శనివారానికి రెండు రాత్రులని పెడితే, శనివారం దిగి ఒక్క రాత్రే ఉండేవారికి మాత్రమే అది అడ్డు వస్తుంది. శుక్రవారం దిగేవారికి అసలు వర్తించదు. కనుక శుక్రవారం దిగేవారికి కూడా విడిగా రెండు రాత్రులని పెట్టుకోవాలి. లేకపోతే శుక్రవారం ఒక్క రాత్రి బుకింగ్ పడి, జంట విడిపోతుంది. తన సైటు ఏ పద్ధతి పాటిస్తుందో తెలుసుకోవడానికి యజమాని చేయగలిగిన సులువైన పని, మరో ఫోనులో అతిథిలా తన ఇంటినే వెతికి, ఒక్క శనివారానికి ఇల్లు కనిపిస్తుందో లేదో, ఒక్క శుక్రవారానికి కనిపిస్తుందో లేదో చూసుకోవడం.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఇందులో భాగమే. రైల్వే ముందస్తు రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల బదులు 60 రోజులు అయింది. దూరం నుంచి వచ్చేవారికి టికెట్టు చేతికి వచ్చాకే తేదీలు ఖాయమవుతాయి. జనవరి 18 తిరుగు ప్రయాణానికి టికెట్లు నవంబరు మూడో వారంలో తెరుచుకుంటాయి. సంక్రాంతి ధరలు, నియమాలు ఆలోపే సిద్ధంగా ఉండాలి. డిసెంబరు చివరిలో పెడితే బయటివారి నిర్ణయాలు అప్పటికే అయిపోయి ఉంటాయి. శనివారం నియమాన్ని మాత్రం జనవరి 7 దాకా నిలిపి, ఆ తరువాత సడలించవచ్చు, ఎందుకంటే విశాఖ నుంచి కారులో వచ్చేవారు పండుగ వారంలోనే నిర్ణయించుకుంటారు.

7,500 దగ్గర ఒక గోడ

పండుగ ధర పెంచేటప్పుడు జీఎస్టీ ఒక చోట దారి కొడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 లేదా అంతకు తక్కువ ధర ఉన్న బసపై పన్ను నూటికి 5. దానికి మించితే 18. ఇరవై లక్షల వార్షిక రాబడి లోపు ఉండి తాను రిజిస్టరు కాని చిన్న యజమానికి కూడా ఇది తప్పదు. ఆన్‌లైన్ సైటు ద్వారా వచ్చే బుకింగ్‌పై ఆ పన్ను సైటే కడుతుంది, అతిథి బిల్లులో అది కనిపిస్తుంది.

శనివారం ధర 7,500 అయితే అతిథి కట్టేది 7,875. యజమాని మరో వంద ఆశపడి 7,600 పెడితే అతిథి కట్టేది 8,968. యజమాని చేతికి కమీషన్ పోగా అదనంగా 85 రూపాయలు వస్తాయి. అతిథి జేబు నుంచి 1,093 పోతాయి. మొత్తం ఎంతయిందో చూసి ఎంచుకునే అతిథి పక్క ఇంటికి వెళతాడు. 7,501 నుంచి 8,500 దాకా ఉన్న ధరలన్నీ ఇలాగే నిరర్థకమైనవి. గిరాకీ నిజంగా అంత ఉందనుకుంటే ఒకేసారి 9,000 దాటించాలి. లేదంటే 7,500 దగ్గర ఆగి, ఆదివారం ధరలోనో రెండు రాత్రుల నియమంలోనో ఆ గిరాకీని రాబట్టుకోవాలి. ఇల్లు మొత్తం ఒకే బసగా ఇచ్చేవారికి ఈ గోడ త్వరగా ఎదురవుతుంది. శుభ్రత రుసుము విడిగా వేసేవారు అది కూడా బస విలువలో కలిసి గోడ దాటిస్తుందేమో తమ ఆడిటరును అడిగి తెలుసుకోవాలి.

నిండిన క్యాలెండరులో మిగిలే ఒంటరి రాత్రి

డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా బుకింగ్‌లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 24, 25 రాత్రులు ఒక బృందం తీసుకుంది. 27 నుంచి మరొకరు. మధ్యలో 26 ఒక్కటే మిగిలింది. రెండు రాత్రుల నియమం ఉన్నంతకాలం ఈ రాత్రిని ఎవరూ కొనలేరు. క్యాలెండరులో ఖాళీగా కనిపిస్తూనే వెతికేవారికి కనిపించదు. కనుక కనీస బస ఎప్పుడూ ఖాళీ పొడవును మించకూడదు. ఒక రాత్రి ఖాళీ ఉంటే ఆ తేదీకి నియమం ఒక రాత్రి.

అయితే దాన్ని కొత్తవారికి అమ్మడానికి ముందు, 25న ఇంట్లో ఉండబోయే బృందాన్ని ఒకసారి అడగడం మేలు. 26 రాత్రి ధర 4,500 అనుకుంటే, కొత్త అతిథి వల్ల మిగిలేది 2,425. ఉన్నవారే మరో రాత్రి ఉంటే మళ్లీ ఇల్లు కడగడం, దుప్పట్లు మార్చడం ఉండదు. వారికి 3,400కే ఇచ్చినా యజమానికి దాదాపు అంతే మిగులుతుంది. పదకొండు వందల తగ్గింపు ఇచ్చి తాను ఏమీ పోగొట్టుకోని అరుదైన సందర్భం ఇది. పైగా పొద్దున పదకొండుకు ఒకరిని పంపి, మధ్యాహ్నం రెండుకు మరొకరిని దింపుకునే హడావిడి ఆ రోజుకు తప్పుతుంది. ఇంటి పని అంతా యజమానురాలి చేతుల మీదే జరిగే ఇళ్లలో ఈ మాట రూపాయల లెక్కకంటే బరువైనది.

లెక్క తప్పిందని ఎలా తెలుస్తుంది

క్యాలెండరు నిండితే ధరలు సరిగ్గా ఉన్నాయని అనుకోవడం సహజం. అది ఎప్పుడు నిండిందో కూడా చూడాలి. సంక్రాంతి శనివారం ధర పెట్టిన రెండు రోజుల్లోనే పోయిందంటే, ధర తక్కువ పెట్టారు. ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందు పోయిందంటే దగ్గరగా ఉంది. ఆఖరి వారం దాకా కదలలేదంటే ధరో నియమమో అడ్డుపడుతోంది, ఆ రెండింటిలో ఏదో తేల్చాలి.

తేల్చడానికి ఫోనుకు వచ్చే వాకబులే ఆధారం. ఎంత తగ్గిస్తారు అని అడిగేవారు ఎక్కువైతే చిక్కు ధరలో ఉంది. ఒక్క రాత్రికి ఇస్తారా అని అడిగేవారు ఎక్కువైతే నియమంలో ఉంది. ఈ తేడా తెలియక చాలామంది రెండో ప్రశ్నకు కూడా ధర తగ్గించి జవాబు చెబుతారు. అందుకే వచ్చిన బుకింగ్‌లతో పాటు కాదన్న వాకబులను కూడా ఒక పుస్తకంలో రాసుకోవాలి: ఏ తేదీకి, ఎన్ని రాత్రులకు, ఎక్కడి నుంచి, ఎన్ని రోజుల ముందు అడిగారు. పై లెక్కల్లో ఊహించి వేసిన పదింట మూడు, పదింట ఎనిమిది వంటి అంకెల స్థానంలో ఒక చలికాలం గడిచేసరికి ఆ ఇంటి సొంత అంకెలు వచ్చి చేరతాయి.

ఆ పుస్తకంలో తేదీ పక్కన వారమూ, తిథో పండుగ పేరో రాసుకోవడం మరువకూడదు. సంక్రాంతి సూర్యమానం కనుక ఏటా జనవరి మధ్యలోనే ఉంటుంది, మారేది వారం మాత్రమే. దసరా, దీపావళులకు తేదీ, వారం రెండూ మారతాయి. దసరా తరువాతి శనివారం అని రాసుకున్న మాట పై ఏడాది పనికి వస్తుంది. అక్టోబరు 20 అని మాత్రమే రాసుకుంటే పనికి రాదు.